రాపిడి తగ్గించారు, ఇంజిన్ అదుపు తప్పింది

19వ శతాబ్దంలో ఆవిరి యంత్రాలు తయారుచేసేవాళ్లకు వింత చిక్కొకటి వచ్చిపడింది. యంత్రం వేగాన్ని నిలకడగా ఉంచడానికి జేమ్స్ వాట్ 1788లో తన ఇంజిన్లకు గవర్నర్ అనే పరికరాన్ని బిగించాడు. అది దశాబ్దాల పాటు చక్కగా పనిచేసింది. ఆ తర్వాత వర్క్‌షాపులు మెరుగుపడ్డాయి. లోహపు భాగాలు నున్నగా తయారయ్యాయి, కీళ్లలో రాపిడి తగ్గింది. దాంతో గవర్నర్ ఇంకా బాగా పనిచేయాలి కదా! జరిగింది మాత్రం వేరు. కొత్త ఇంజిన్లలో చాలావాటి వేగం ఒకచోట నిలవడం మానేసింది. పెరుగుతూ, తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ ఊగిసలాడేది. డీజిల్ జనరేటర్ల మెకానిక్‌లు ఇప్పటికీ ఆ జబ్బును ‘హంటింగ్’ అనే పిలుస్తారు.

ఎందుకిలా జరిగిందో కొలతలతో సహా చెప్పినవాడు రష్యన్ ఇంజినీరు ఇవాన్ విష్నెగ్రాద్‌స్కీ. ఆయన పరిశోధన 1876లో వెలువడింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1868లో, జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ కూడా గవర్నర్ల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. విద్యుదయస్కాంత సమీకరణాల మాక్స్‌వెల్ ఈయనే. ఇద్దరి ఆలోచనా ఒకటే. యంత్రం సమీకరణాలు మెలికలు తిరిగి ఉంటాయి, వాటిని పూర్తిగా సాధించడం కుదరదు. అయినా అది నిలకడగా నడిచే స్థితికి బాగా దగ్గరగా వెళ్లి చూస్తే ఆ మెలికలు దాదాపు సరళరేఖల్లా కనిపిస్తాయి. ఆ సరళ సమీకరణాల నుంచి కొన్ని సంఖ్యలు వస్తాయి. యంత్రం కుదుటపడుతుందో, గాడి తప్పుతుందో ఆ సంఖ్యల గుర్తులే చెప్పేస్తాయి. వాటినే నేడు ఐగెన్ విలువలు అంటున్నాం. వాట్ గవర్నర్‌నే తీసుకుని ఈ లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేసి చూడవచ్చు.

ముందుగా పరికరం సంగతి. నిలువుగా తిరిగే ఇరుసుకు రెండు కడ్డీలు, ఒక్కో కడ్డీ చివర ఒక ఇనుప గుండు. ఇంజిన్ వేగం పెరిగితే ఇరుసు జోరుగా తిరుగుతుంది, గుండ్లు బయటికి జరిగి పైకి లేస్తాయి. అవి లేచినకొద్దీ వాటికి తగిలించిన మీట ఆవిరి వాల్వ్‌ను మూస్తూ పోతుంది. వేగం పడిపోతే గుండ్లు దిగుతాయి, వాల్వ్ తెరుచుకుంటుంది. మనిషి చెయ్యి పడకుండా యంత్రం తన వేగాన్ని తానే సరిదిద్దుకుంటుంది.

దీని నడకను మూడు రాశులతో పట్టుకోవచ్చు. కడ్డీ నిలువు నుంచి ఎంత కోణంలో లేచి ఉందో చెప్పేది φ. ఆ కోణం ఎంత త్వరగా మారుతోందో చెప్పేది ψ. ఇరుసు తిరిగే వేగం Ω. కడ్డీ పొడవు సుమారు 39 సెంటీమీటర్లు అనుకుంటే, గురుత్వ త్వరణాన్ని ఆ పొడవుతో భాగించినప్పుడు 25 వస్తుంది. ఇరుసూ ఇంజిన్ ఒకే వేగంతో తిరుగుతాయని, తెరుచుకున్న వాల్వ్ ఇచ్చే బలం cos φకి అనులోమంగా ఉంటుందని అనుకుందాం. అప్పుడు సమీకరణాలు ఇవి:

```
φ' = ψ
ψ' = Ω² sin φ cos φ − 25 sin φ − β ψ
Ω' = a (cos φ − h)
```

రెండో వరుసలో మొదటి పదం గుండ్లను బయటికి లాగేది, రెండోది వాటిని కిందికి దించే బరువు. మూడో పదంలోని β రాపిడి. ఈ కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మూడో వరుసలోని h ఇంజిన్ మీద పడ్డ పని భారం. వాల్వ్ పూర్తిగా తెరిస్తే వచ్చే బలంలో అది ఎన్నో వంతో ఆ సంఖ్య చెబుతుంది. a అనేది ఫ్లైవీల్‌కు సంబంధించినది. బరువైన ఫ్లైవీల్ ఉంటే వేగం నిదానంగా మారుతుంది కాబట్టి a చిన్నదవుతుంది. ఈ ఉదాహరణలో a విలువ 7.07. అంటే భారమేమీ లేకుండా వాల్వ్ బార్లా తెరిస్తే ఇంజిన్ వేగం ప్రతి సెకనులోనూ సెకనుకు 7.07 రేడియన్ల చొప్పున పెరుగుతూ పోతుంది. ఇది తేలికపాటి ఫ్లైవీల్ అన్నమాట.

సైన్లు, కొసైన్లు, వేగం వర్గం అన్నీ ఒకదానితో ఒకటి గుణించుకుని ఉన్నాయి. ఇలాంటివాటినే నాన్‌లీనియర్ సమీకరణాలు అంటారు. వీటికి కాగితం మీద రాయదగ్గ సూత్రరూప పరిష్కారం దొరకదు.

సమతాస్థితి మాత్రం తేలిగ్గానే దొరుకుతుంది. ఏదీ మారకూడదు, అంటే ఎడమవైపున్న మూడూ సున్నాలు కావాలి. భారం సగం అనుకుందాం, h = 0.5. అప్పుడు మూడో వరుస ప్రకారం cos φ కూడా 0.5, కోణం 60 డిగ్రీలు. దాన్ని రెండో వరుసలో పెడితే Ω² = 50 అని తేలుతుంది. ఇరుసు వేగం సెకనుకు 7.07 రేడియన్లు, నిమిషానికి సుమారు 67 చుట్లు. కడ్డీలు 60 డిగ్రీల దగ్గర కదలకుండా నిలిచి, ఇరుసు ఈ వేగంతో తిరుగుతుంటే యంత్రం అలాగే ఉండిపోగలదు.

ఉండిపోగలదు సరే, నిజంగా ఉంటుందా? బోర్లించిన గిన్నె మీద గోళీని నేర్పుగా నిలబెట్టవచ్చు, గిన్నె లోపల అడుగునా పెట్టవచ్చు. రెండూ సమతాస్థితులే. చిటికెనవేలితో ఓ మాదిరిగా తాకితే తేడా బయటపడుతుంది. యంత్రాన్ని కూడా అలా కాస్త కదిపి చూడాలి. ఆ కదిపే పనిని కాగితం మీద చేయడమే అసలు పద్ధతి.

కోణం 60 డిగ్రీల నుంచి u అంత పక్కకు జరిగింది. కోణం మారే వేగం సున్నాకు బదులు v అయింది. ఇరుసు వేగం 7.07 నుంచి w అంత తప్పింది. u, v, w చాలా చిన్నవి కాబట్టి వాటి వర్గాలు, వాటి పరస్పర గుణకారాలు ఇంకా చిన్నవి. వాటిని వదిలేస్తే మిగిలేది మొదటి ఘాతం మాత్రమే. ఆ మొదటి ఘాతాల ముందుండే గుణకాలు కావాలంటే, ప్రతి సమీకరణాన్నీ ఒక్కో రాశి పరంగా అవకలనం చేసి, సమతాస్థితి విలువలు ప్రతిక్షేపించాలి.

ఒకదాన్ని పూర్తిగా చేసి చూద్దాం. రెండో వరుసలో కోణం కాస్త పెరిగితే గుండ్ల త్వరణం ఎంత మారుతుంది? Ω² sin φ cos φని φ పరంగా అవకలనం చేస్తే Ω² cos 2φ వస్తుంది. 2φ అంటే 120 డిగ్రీలు, దాని కొసైన్ −0.5. కాబట్టి 50 × (−0.5) = −25. బరువు పదం నుంచి −25 cos φ, అంటే −12.5. రెండూ కలిపి −37.5. రుణ గుర్తు మంచి సూచన. ఇరుసు వేగం మారకుండా ఉంటే, పైకి జరిగిన గుండు వెనక్కి లాగబడుతుంది. ఒంటరిగా చూస్తే గవర్నర్ బుద్ధిమంతమైన లోలకమే. మిగతా గుణకాలూ ఇలాగే వస్తాయి. అన్నీ పేర్చితే జకోబియన్ అనే మాత్రిక తయారవుతుంది:

```
  0       1      0
−37.5   −β      6.12
 −6.12    0      0
```

కింది వరుసలోని −6.12 గవర్నర్ చేసే ఉద్యోగం. గుండు పైకి లేస్తే ఇంజిన్ వేగం తగ్గడం మొదలవుతుంది. చిక్కంతా ఆ ‘మొదలవుతుంది’ దగ్గరే ఉంది. గుండు లేచిన క్షణంలోనే వేగం పడిపోదు, పడిపోవడం ఆరంభమవుతుందంతే. ఫ్లైవీల్‌కు ఊపు ఉంటుంది. వేగం అసలు విలువకు దిగేసరికి గుండ్లు ఇంకా పైనే ఉంటాయి, వాల్వ్ మూసే ఉంటుంది. దాంతో వేగం ఇంకా కిందికి జారిపోతుంది. అప్పుడు గుండ్లు దిగుతాయి, వాల్వ్ మితిమీరి తెరుచుకుంటుంది. దిద్దుబాటు ప్రతిసారీ ఆలస్యంగా అందడం వల్ల ఊగిసలాట పుడుతుంది. అది చల్లారుతుందా, రాజుకుంటుందా అన్నది మాటలతో తేలదు.

తేల్చేది ఐగెన్ విలువలు. మాత్రికతో నడిచే ఇలాంటి సరళ వ్యవస్థలో ప్రతి కదలికా e^(λt) రూపంలోని ముక్కల కలయిక. t అంటే సమయం. ఆ λలే ఐగెన్ విలువలు. λ రుణ సంఖ్య అయితే ఆ ముక్క కాలంతో పాటు కరిగిపోతుంది, ధన సంఖ్య అయితే పెరిగిపోతుంది. λ సంకీర్ణ సంఖ్య అయితే దాని కల్పిత భాగం ఊగే వేగాన్ని, వాస్తవ భాగం ఆ ఊపు తగ్గడాన్నో పెరగడాన్నో చెబుతుంది. కాబట్టి తీర్పు కోసం చూడాల్సింది వాస్తవ భాగాల గుర్తు. అన్నీ రుణమైతే సమతాస్థితి నిలుస్తుంది. ఒక్కటి ధనమైనా నిలవదు. మూడింట రెండు బాగున్నాయి కదా అంటే కుదరదు. పెరిగే ముక్క మొదట్లో ఎంత చిన్నదైనా చివరికి మిగతావాటిని మించిపోతుంది.

ఈ మాత్రికకు ఐగెన్ విలువలు కింది సమీకరణం మూలాలు:

```
λ³ + βλ² + 37.5λ + 37.5 = 0
```

ఇక రాపిడి విలువలు మార్చి చూద్దాం. పాత, గరుకు గవర్నర్‌కు β = 2 అనుకుంటే మూలాలు −1.03, −0.49 ± 6.02i. అన్ని వాస్తవ భాగాలూ రుణమే. ఊగిసలాట ఒక్కోటి దాదాపు ఒక సెకను పడుతుంది. ప్రతి ఊపులో పరిమాణం అంతకుముందు దానిలో 60 శాతానికి తగ్గుతుంది. నాలుగైదు ఊపుల్లో యంత్రం కుదుటపడిపోతుంది. పక్కన నిలబడ్డ పనివాడు గమనించినా పట్టించుకోడు.

అదే గవర్నర్‌ను నున్నగా తీర్చిదిద్ది, నూనె పోసి, βని 0.4కి దించితే మూలాలు −0.98, +0.29 ± 6.16i. ఈసారి జంట మూలాల వాస్తవ భాగం ధనం. ప్రతి ఊపూ ముందుదానికంటే 35 శాతం పెద్దది. మొదట్లో 1 డిగ్రీ కదలిక ఉంటే ఎనిమిది సెకన్లలో అది దాదాపు 10 డిగ్రీలవుతుంది. కర్మాగారాల్లో జనం చూసిన హంటింగ్ ఇదే. గవర్నర్‌లో ఏదీ విరగలేదు, ఏ భాగమూ అరగలేదు. దాన్ని బాగుచేయడమే దాని జబ్బు!

ఈ రెండింటి మధ్య సరిహద్దు ఎక్కడో తెలుసుకోవడానికి ప్రతిసారీ మూలాలు కనుక్కోనక్కర్లేదు. λ³ + pλ² + qλ + r రూపంలో ఉన్న సమీకరణానికి p, q, r మూడూ ధనమై, p, qల లబ్ధం r కంటే పెద్దదైతే చాలు, అన్ని మూలాల వాస్తవ భాగాలూ రుణమే. మూడో ఘాతానికి ఈ షరతును మాక్స్‌వెల్ ఇచ్చాడు. ఎన్నో ఘాతానికైనా పనికొచ్చే పరీక్షను ఎడ్వర్డ్ రౌత్ 1877లో, దానిమీద ఆధారపడకుండా అడాల్ఫ్ హర్విట్స్ 1895లో కనుగొన్నారు. హర్విట్స్‌ను ఈ ప్రశ్న అడిగినవాడు టర్బైన్ల ఇంజినీరు ఆరెల్ స్టొడోలా. మన సమీకరణంలో షరతు 37.5 × β > 37.5, అంటే β > 1. రాపిడి 1 దాటి ఉండాలి. అంతకు తగ్గితే గవర్నర్ పనికిరాదు.

విష్నెగ్రాద్‌స్కీ చెప్పింది ఇదే. ఈ రకం గవర్నర్‌కు రాపిడి తప్పనిసరి. ఆయన షరతులో ఇంకో మూడు అంశాలు కలిసి ఉన్నాయి. గుండ్లు బరువెక్కితే స్థిరత్వం దెబ్బతింటుంది. ఫ్లైవీల్ తేలికైనా అంతే. భారం మారినా వేగం మారకూడదని మరీ పట్టుబట్టి గవర్నర్‌ను రూపొందించినా అదే ఫలితం. ఆ శతాబ్దపు పురోగతి ఈ నాలుగు వైపులా తప్పు దిశలోనే నడిచిందని గణితవేత్త పొంత్ర్యాగిన్ అవకలన సమీకరణాల మీద రాసిన పాఠ్యపుస్తకంలో వివరించాడు. ఇంజిన్లు పెద్దవై వాల్వ్‌లు బరువెక్కాయి, వాటిని కదపడానికి గుండ్లూ బరువెక్కాయి. ఇంజిన్ల వేగం పెరగడంతో ఫ్లైవీల్‌లు తేలికయ్యాయి. రాపిడి తగ్గింది. వేగం కచ్చితంగా ఉండాలన్న కోరిక పెరిగింది. విడివిడిగా చూస్తే ఇందులో తప్పుపట్టాల్సింది ఒక్కటీ లేదు.

ఇంతకీ, వర్గాలను, గుణకారాలను వదిలేసి చేసిన లెక్కను అసలు యంత్రానికి అంటగట్టడం న్యాయమేనా? మాక్స్‌వెల్, విష్నెగ్రాద్‌స్కీ ఇద్దరూ న్యాయమేనన్న నమ్మకంతో ముందుకెళ్లారు. రుజువు తర్వాత వచ్చింది. 1892లో ఖార్కివ్‌లో ప్రచురించిన సిద్ధాంత గ్రంథంలో అలెగ్జాండర్ ల్యాపునోవ్ దాన్ని తేల్చిచెప్పాడు. అన్ని ఐగెన్ విలువల వాస్తవ భాగాలూ రుణమైతే, వదిలేసిన పదాలు ఏవైనా సరే, తగినంత చిన్న కదలికల నుంచి అసలు వ్యవస్థ కూడా కోలుకుంటుంది. ఒక్క వాస్తవ భాగం ధనమైనా అసలు వ్యవస్థ కూడా నిలవదు.

మధ్యలో ఒక ఖాళీ ఉంది. సరిగ్గా β = 1 దగ్గర మన సమీకరణం (λ + 1)(λ² + 37.5)గా విడిపోతుంది. మూలాలు −1, ±6.12i. జంట మూలాల వాస్తవ భాగం సున్నా. ఇక్కడ సరళ సమీకరణాలు ఊపు తగ్గదు, పెరగదు అంటాయి. ఆ మాటను అసలు యంత్రం గురించి నమ్మకూడదు. ఎందుకో చూడటానికి అతి చిన్న ఉదాహరణ చాలు. x' = −x³ అనే సమీకరణంలో x ఎప్పుడూ సున్నాకు చేరువవుతుంది. x' = x³లో సున్నా నుంచి పారిపోతుంది. రెండింటికీ సున్నా దగ్గర సరళ భాగం ఒకటే, ఐగెన్ విలువ సున్నా. తీర్పును నిర్ణయించేది మనం పారేసిన ఘనపదం. కాబట్టి వాస్తవ భాగం సున్నా వచ్చినప్పుడు లెక్క ఆపి, పారేసిన పదాలను మళ్లీ తెచ్చుకోవాలి. కంప్యూటర్ 0.0000001 లాంటి విలువ ఇచ్చినప్పుడూ అంతే జాగ్రత్త కావాలి. అది నిజంగా ధనమా, గుండ్రం చేయడంలో వచ్చిన దోషమా అని చూడకుండా తీర్పు చెప్పకూడదు.

ఇంకో పొరపాటు చాలా సులువుగా జరుగుతుంది. β = 2 ఉన్న గవర్నర్ మంచిదని తేలింది కదా! నిజానికి తేలింది గవర్నర్ గురించి కాదు, సగం భారం దగ్గర ఉన్న ఆ ఒక్క సమతాస్థితి గురించి. అదే యంత్రం మీద భారాన్ని 0.9కి పెంచి చూద్దాం. సమతాస్థితి మారిపోతుంది. గుండ్లు సుమారు 26 డిగ్రీలకు దిగుతాయి. ఇరుసు నిమిషానికి దాదాపు 50 చుట్లు తిరుగుతుంది. జకోబియన్‌లోని సంఖ్యలన్నీ కొత్తగా లెక్కగట్టాలి. అప్పుడు వచ్చే సమీకరణం ఇది:

```
λ³ + 2λ² + 5.28λ + 12.75 = 0
```

2 × 5.28 అంటే 10.56. అది 12.75 కంటే తక్కువ. షరతు తప్పింది. మూలాలు −2.21, +0.11 ± 2.40i. సగం భారం దగ్గర నాలుగైదు సెకన్లలో కుదుటపడిన యంత్రమే బరువైన పని మీద పెట్టగానే ఊగడం మొదలుపెడుతుంది. ఖాళీగా నడిపి చూసి బాగుందని సంతకం పెట్టే తనిఖీదారుకు ఈ లోపం కంటపడదు. యంత్రం ఏయే భారాల మధ్య పనిచేయాలో ఆ మొత్తం పరిధిలో ఒక్కో సమతాస్థితినీ విడిగా పరీక్షించాల్సిందే.

మందు కూడా ఆ షరతులోనే కనిపిస్తుంది. ఈ యంత్రానికి షరతును సాధారణ రూపంలో రాస్తే β > 2a cos φ / Ω. ఫ్లైవీల్ జడత్వాన్ని రెట్టింపు చేస్తే a సగమవుతుంది. 0.9 భారం దగ్గర కావలసిన రాపిడి 2.41 నుంచి 1.21కి దిగుతుంది. అదే β = 2తో యంత్రం మళ్లీ నిలబడుతుంది. ఫ్లైవీల్ మార్చడం ఖర్చనుకుంటే డ్యాష్‌పాట్ ఉంది. నూనె నింపిన సిలిండర్‌లో పిస్టన్ పెట్టి దాన్ని గవర్నర్ కడ్డీకి తగిలిస్తారు. కోల్పోయిన రాపిడిని కొలిచి మరీ తిరిగి ఇవ్వడమే అది. అయితే ఆ నూనెకూ వేడి తగులుతుంది, పలుచబడుతుంది, βని కిందికి దించుతుంది. పొద్దున బాగా నడిచిన ఇంజిన్ వేడెక్కాక హంటింగ్ మొదలుపెడితే ముందుగా అనుమానించాల్సిన వాటిలో డ్యాష్‌పాట్ ఒకటి.

‘తగినంత చిన్న కదలిక’ అంటే ఎంత? ఐగెన్ విలువలు ఆ ప్రశ్నకు జవాబివ్వవు. 60 డిగ్రీల దగ్గర ఉన్న గవర్నర్ 2 డిగ్రీల తోపుకు కోలుకోవచ్చు, భారం ఒక్కసారిగా ఊడిపోతే కోలుకోకపోవచ్చు. రెండు సందర్భాల్లోనూ ఐగెన్ విలువలు అవే. వాస్తవ భాగం సున్నాకు దగ్గరవుతున్నకొద్దీ ఆ సురక్షిత పరిధి కుంచించుకుపోయే ప్రమాదం ఉంటుంది. దాన్ని కొలవాలంటే ల్యాపునోవ్ ఆ గ్రంథంలోనే ఇచ్చిన రెండో పద్ధతిని పట్టుకోవాలి, లేదా మొత్తం నాన్‌లీనియర్ సమీకరణాలను రకరకాల ఆరంభాల నుంచి కంప్యూటర్‌లో నడిపి చూడాలి.

చివరగా రాపిడి సంగతే ఒకటి మిగిలింది. పైన రాసిన −βψ పదం వేగానికి తగ్గట్టు పెరిగే రాపిడి, నూనెలో కదిలే వస్తువుకు సరిపోయేది. పొడి కీళ్లలో ఉండే రాపిడి అలా ఉండదు. కదలిక ఎంత నెమ్మదైనా దాని బలం దాదాపు అంతే ఉంటుంది, దిశ మారగానే గుర్తు తటాలున మారిపోతుంది. సరిగ్గా సమతాస్థితి దగ్గర, అంటే వేగం సున్నా అయిన చోట, ఆ పదాన్ని అవకలనం చేయడమే కుదరదు. పైగా పొడి రాపిడి ఉంటే గుండ్లు ఒకే కోణంలో కాక ఒక చిన్న పరిధిలో ఎక్కడైనా ఆగిపోగలవు. సమతాస్థితి ఒక బిందువు కాకుండా ఒక ముక్క అవుతుంది. జకోబియన్‌కు అక్కడ చోటే లేదు. విష్నెగ్రాద్‌స్కీ సమస్యను ఈ పొడి రాపిడితో కలిపి సాధించే పనిని 1940లలో సోవియట్ శాస్త్రవేత్తలు ఆంద్రోనోవ్, మాయెర్ చేపట్టారు. అందుకు వాళ్లు ఐగెన్ విలువలను పక్కనపెట్టి, యంత్రం ఒక ఊపు నుంచి మరో ఊపుకు ఎక్కడ తేలుతుందో బిందువు బిందువుగా వెంబడించాల్సి వచ్చింది.